మూడు నోటీసులు ఎక్కడ ఆగాయి?

ఎనుమాములలో పత్తి, మిర్చి అమ్మిన పైసలు ఖాతాలో పడతాయి. రైతు భరోసా, పింఛను, ఉపాధి కూలీ, ఆడపిల్లల స్కాలర్‌షిప్ కూడా అక్కడికే వస్తాయి. పైసలు పడినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చినా, తీసుకుందామని వెళితే మిషన్ ఇవ్వదు. బ్యాంకులో అడిగితే ‘మీ కేవైసీ పెండింగ్‌లో ఉంది’ అంటారు. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు బ్యాంకు శాఖల్లో ఈ మాట విని వెనుదిరుగుతున్న వాళ్లలో ఎక్కువమంది పదేళ్ల కిందట జన్‌ధన్ ఖాతా తెరిచినవాళ్లే. ఆ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. తొలి విడత ఖాతాలకు పదేళ్లు నిండాయి. అందుకే గుర్తుచేసే మెసేజ్‌లు ఇప్పుడు గుంపుగా వస్తున్నాయి.

ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన వివరాలు ఇప్పటికీ నిజమేనా అని బ్యాంకు కొన్నేళ్లకోసారి సరిచూసుకోవాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఖాతాదారులను రిస్క్‌ను బట్టి మూడు వర్గాలు చేస్తారు. ఎక్కువ రిస్క్ ఉంటే రెండేళ్లకు, మధ్యస్థంగా ఉంటే ఎనిమిదేళ్లకు, తక్కువైతే పదేళ్లకు ఒకసారి రీ-కేవైసీ చేయాలి. కూలీనాలీ చేసుకునేవాళ్ల చిన్న ఖాతాలు మామూలుగా పదేళ్ల వర్గంలోకే వస్తాయి. అయితే ఎవరు ఏ వర్గంలో ఉన్నారో ఖాతాదారుకు చెప్పకూడదని అదే నిబంధన అంటుంది. అక్రమ సొమ్ము తిప్పేవాడు జాగ్రత్తపడతాడన్నది దాని వెనక ఉన్న ఆలోచన. అది సబబే కావచ్చు. కానీ దాని ఫలితంగా గడువు ఎప్పుడన్నది మామూలు మనిషికి తనంతట తానుగా లెక్క కట్టుకునే వీలు లేకుండా పోయింది. బ్యాంకు చెబితేనే తెలుస్తుంది, కాబట్టి నోటీసు చేరిందా లేదా అన్నదే ఈ వ్యవహారంలో కీలకం.

ఒక ఉదాహరణ చూద్దాం. పరకాల దగ్గరి ఊళ్లో పొదుపు సంఘం సభ్యురాలు ఒకామె 2015 జనవరిలో ఖాతా తెరిచారనుకుందాం. తక్కువ రిస్క్ వర్గం కాబట్టి రీ-కేవైసీ గడువు 2025 జనవరి. అది దాటగానే ఖాతా ఆపేయవచ్చా? కూడదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం తక్కువ రిస్క్ వ్యక్తుల లావాదేవీలన్నీ సాగనివ్వాలి. గడువు తేదీ తర్వాత ఏడాది గాని, 2026 జూన్ 30 గాని, ఏది తర్వాత వస్తే అప్పటిలోగా వివరాలు సరిచేయించుకోవాలి. అంటే ఆమెకు 2026 జూన్ 30 దాకా వీలుంది. అదే 2016 ఆగస్టులో తెరిచిన ఖాతా అయితే 2027 ఆగస్టు దాకా ఆగవచ్చు. ఈ గడువులోపల తక్కువ రిస్క్ ఖాతాకు కేవైసీ పేరుతో తాళం వేస్తే బ్యాంకును నిలదీయవలసింది ఖాతాదారే.

గడువుకు ముందు కనీసం మూడుసార్లు, దాటాక మళ్లీ కనీసం మూడుసార్లు తెలియజేయాలని కూడా ఆ సవరణ చెప్పింది. ప్రతి విడతలో ఒకటైనా ఉత్తరం రూపంలో ఉండాలి. ఏం చేయాలో, సాయం ఎవరిని అడగాలో, చేయకపోతే ఏమవుతుందో అందులో తేలికగా అర్థమయ్యేలా రాయాలి. పంపినట్టు ఆ ఖాతా పేరున బ్యాంకు కంప్యూటర్లో నమోదు చేయాలి. దీన్ని 2026 జనవరి 1 నాటికల్లా అమల్లో పెట్టమన్నారు.

మరి ఆ నోటీసులు ఎటు పోతున్నాయి? ఖాతా తెరిచిన నాడు ఇచ్చిన నంబరు అల్లుడిది. అతను సిమ్ మార్చాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపైతే నంబరు గల్ఫ్‌కు పోయిన కొడుకుదై ఉంటుంది. ఉత్తరం పాత చిరునామాకు వెళ్తుంది. ఒకవేళ చేరినా అది ఇంగ్లిషులో ఉంటే బీరువాలోకి పోతుంది. బ్యాంకు లెక్కలో మూడూ పంపినట్టే, ఆమె లెక్కలో ఒక్కటీ రానట్టే.

చేయవలసిన పని నిజానికి చిన్నది. వివరాలేవీ మారకపోతే ‘మార్పు లేదు’ అని స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణ చాలు. రిజిస్టరైన మొబైల్, ఈమెయిల్, ఏటీఎం, బ్యాంకు యాప్, ఉత్తరం, వీటిలో ఏ దారినైనా ఇవ్వవచ్చు. చిరునామా ఒక్కటే మారితే కొత్తది రాసిస్తే బ్యాంకు రెండు నెలల్లో సరిచూసుకుంటుంది. ఈ రెండు పనులూ ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రతో పూర్తిచేసేందుకు వీలు కల్పించారు. రసీదు ఇవ్వడం కూడా ఆయన బాధ్యతే. ఖాతా ఉన్న శాఖకే రావాలన్న పట్టింపు లేదు, అదే బ్యాంకు ఏ శాఖలోనైనా చేయాలి. పాత పత్రాలు ఇప్పటి జాబితాలో లేనివైనా, కాలం చెల్లినవైనా మాత్రం మళ్లీ పత్రాలు ఇవ్వక తప్పదు. ఆధార్, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు చెల్లుతాయి. రేషన్ కార్డు ఆ జాబితాలో లేదు. చిన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా అయితే, పద్దెనిమిదేళ్లు నిండాక కొత్త ఫొటో కూడా కావాలి. ఇంత తేలికైన పనికి నాలుగు జిరాక్సులు తెమ్మని పొద్దంతా వరుసలో నిలబెడుతున్న శాఖలు ఉన్నాయి. ఇది నిబంధనల తప్పు కాదు, అలవాటు.

పూర్తిగా పట్టించుకోకపోతే ఏమవుతుంది? గడువులన్నీ ముగిశాక చాలా బ్యాంకులు ముందు డబ్బు బయటికి పోకుండా ఆపుతాయి. లోపలికి వచ్చేది వస్తూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అక్కరకు తీయబోతే గానీ తెలియదు. ఇంకో నష్టం అంతకన్నా కనబడనిది. జీవన జ్యోతి బీమాకు ఏటా రూ.436, సురక్ష బీమాకు రూ.20 మే నెలాఖరులో ఖాతాలోంచి వాటంతటవే కట్ అవుతాయి. జూన్ 1న కొత్త ఏడాది మొదలవుతుంది. ఆ సమయానికి ఖాతా ఆగి ఉంటే ప్రీమియం పోదు, రెండు లక్షల బీమా ఆగిపోతుంది. తర్వాత మళ్లీ చేరినా జీవన జ్యోతిలో మొదటి 30 రోజుల్లో జరిగే సహజ మరణానికి పరిహారం ఉండదు. రైతు కుటుంబంలో ఇది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనక్కర్లేదు. డబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. వివరాలు సరిచేస్తే ఖాతా మళ్లీ నడుస్తుంది.

ఈ గందరగోళం మోసగాళ్లకు పండగైంది. ‘ఈ రాత్రితో ఖాతా బ్లాక్’ అంటూ లింకు పంపుతారు, ఏపీకే ఫైలు వేసుకోమంటారు, ఓటీపీ చదవమంటారు. కేవైసీకి ఓటీపీ, పిన్ ఫోన్‌లో చెప్పమని బ్యాంకు అడగదు. పైగా తక్కువ రిస్క్ ఖాతాకు పైన చెప్పిన ఏడాది వీలుంటుంది గనుక ఒక్క రాత్రి గడువు అన్న మాటే అబద్ధం. మెసేజ్ అసలుదో కాదో తేలనప్పుడు దానికి జవాబివ్వకుండా బ్యాంకుకో బ్యాంకు మిత్ర దగ్గరికో వెళ్లి అడగడమే మేలు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

బ్యాంకులను మేం అడిగేది రెండే. ఉత్తరాలు తెలుగులో పంపాలి. ఖాతా ఆపేముందు మూడు నోటీసులు ఏ తేదీన, ఏ నంబరుకు, ఏ చిరునామాకు వెళ్లాయో ఖాతాదారుకు చూపాలి. ఆ నమోదు వాళ్ల కంప్యూటర్లో ఎలాగూ ఉండాల్సిందే. చూపకుండా ఆపితే శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. 14448కి ఫోన్ చేసి ఎలా పెట్టాలో అడగవచ్చు. వరంగల్, హనుమకొండ లీడ్ బ్యాంకు మేనేజర్లు వచ్చే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో కేవైసీ పేరుతో ఆగిన ఖాతాలు ఏ శాఖలో ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి ఉత్తరం బట్వాడా అయిందో లెక్క బయటపెట్టాలి.