సర్టిఫికెట్ స్కాన్‌లో ముద్ర ఎందుకు మాయమవుతోంది?

డిగ్రీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు మొదలయ్యాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. మెమోలు, సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా ఇమ్మని అడిగేవాళ్లే అక్కడ ఎక్కువ. నిజానికి ఇది పిల్లల చేతిలోని ఫోన్లోనే అయిపోయే పని. అయినా ఫోన్లో చేసి పంపిన ఫైళ్లు "సరిగా లేవు, మళ్లీ పంపండి" అంటూ తిరిగి వస్తుంటాయి. చాలామంది తమ ఫోన్ కెమెరా మంచిది కాదనుకుంటారు. నా అభిప్రాయంలో తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతోంది: స్కాన్‌కు ఎంచుకునే రంగులో, పంపేటప్పుడు నొక్కే బటన్లో.

దేవరకొండ వైపు తండా నుంచి నల్లగొండలో హాస్టల్ సీటుకు దరఖాస్తు చేస్తున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కావాలన్నారు. ముందుగా నోటీసులో అడిగిన వరసలో ఈ ఆరింటినీ పేర్చుకోవాలి. తీసిన వరసలోనే పేజీలు ఫైల్లో చేరతాయి కాబట్టి తర్వాత సర్దే పని తప్పుతుంది. తెల్లటి టైల్స్ మీద తెల్ల కాగితం పెడితే స్కానర్‌కు అంచులు దొరకవు. ముదురు రంగు దుప్పటి మీద, పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర పెడితే చాలు. లామినేషన్ చేసిన మెమో మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడితే సరిగ్గా మార్కుల దగ్గరే తెల్ల మచ్చ వస్తుంది. ఫ్లాష్ ఆపేయాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ డ్రైవ్ తెరిచి `Scan` నొక్కాలి. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో మూడు చుక్కల కింద `Scan Documents` ఉంటుంది. వేరే యాప్ వేసుకోవాల్సిన పని లేదు. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉన్న క్యామ్‌స్కానర్‌ను కేంద్రం 2020 జూన్‌లో మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించిన సంగతి తెలిసిందే. మొదటి పేజీ తీయగానే సేవ్ చేయకూడదు. అలా చేస్తూ పోతే చివరికి ఆరు ఫైళ్లు చేతికొస్తాయి. పేజీ జోడించే గుర్తు నొక్కుతూ ఆరూ తీశాకే ఒక్కసారి సేవ్ చేయాలి.

ఇక రంగు సంగతి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్‌లో కాగితం తళతళలాడుతుంది, అక్షరాలు నల్లగా కనిపిస్తాయి, చూడగానే అదే బాగుందనిపిస్తుంది. కానీ ఆ ఫిల్టర్ ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేస్తుంది. ప్రిన్సిపాల్ ముద్ర లేత ఊదా రంగులో ఉంటే, సగం ఆరిన ప్యాడ్‌తో వేసి ఉంటే, అది తెలుపు లెక్కలోకి పోతుంది. ఆకుపచ్చ సిరా సంతకం కూడా అంతే. ఒరిజినల్ మీద ముద్ర ఉన్నా, ఆఫీసులో చూసేవాళ్లకు ముద్ర లేని టీసీ కనిపిస్తుంది. తిప్పి పంపితే తప్పు వాళ్లదీ కాదు. అందుకే సర్టిఫికెట్లకు కలర్ ఎంచుకోవాలి. ఫైల్ సైజు పరిమితి దాటితే ముద్ర, సంతకం లేని పేజీలను మాత్రం గ్రేస్కేల్‌లోకి మార్చవచ్చు. అందులో మధ్య ఛాయలు మిగులుతాయి కాబట్టి లేత గీతలు చెరిగిపోవు. సేవ్ చేశాక పీడీఎఫ్ తెరిచి, వేళ్లతో పెద్దది చేసి, హాల్‌టికెట్ నంబరులో చివరి అంకె, ముద్రలోని అక్షరాలు చదవగలుగుతున్నామా అని చూసుకోవాలి. మసకగా ఉంటే ఫిల్టర్ మారిస్తే లాభం లేదు, ఆ పేజీ మళ్లీ తీయాల్సిందే.

పంపడంలో జరిగే తప్పు మరీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పంపినవాళ్లకు అది తెలియనే తెలియదు. డ్రైవ్‌లో `Share` నొక్కి పంపితే వెళ్లేది ఫైల్ కాదు, లింకు. అనుమతి ఇవ్వకపోతే అవతలివాళ్లకు తెరుచుకోదు. మూడు చుక్కల్లో `Send a copy` నొక్కితే పీడీఎఫ్ నేరుగా వాట్సాప్‌కో మెయిల్‌కో వెళ్తుంది. వాట్సాప్ చాట్‌లో ఫైల్ పేరు, పేజీల సంఖ్య కనిపిస్తే సరిగా వెళ్లినట్టు. నీలం రంగు లింకు కనిపిస్తే మళ్లీ పంపాలి. ఫైల్ పేరు కూడా యాప్ పెట్టిన తేదీతో వదిలేయకుండా విద్యార్థి పేరు, హాల్‌టికెట్ నంబరు పెడితే ఆఫీసులో వెతుక్కునే పని తగ్గుతుంది.

అయితే భారమంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. "అన్నీ ఒకే పీడీఎఫ్‌లో పంపండి" అని ఒక్క ముక్క రాసి వదిలేసే నోటీసులు చాలా చూశాను. కలర్ కావాలా, ఏ వరసలో ఉండాలి, ఎన్ని ఎంబీలు మించకూడదు, మెమో వెనక పేజీ కూడా కావాలా అన్నవి నోటీసులోనే రాస్తే, ఊరి నుంచి రెండు బస్సులు మారి నెట్ సెంటర్‌కు వచ్చే ఖర్చు ఆ కుటుంబాలకు తప్పుతుంది. అది రాయడానికి కాలేజీకి పట్టేది నాలుగు లైన్లే.