పార్శిల్ గోడౌన్ దాటకముందే దాని డబ్బు ఎందుకు కట్ చేస్తారు?

ఇప్పుడే కస్టమర్ కేర్ అబ్బాయితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను, కోపం ఇంకా తగ్గలేదు. అక్క వాళ్ల గృహప్రవేశానికని మిక్సీ, దోసె పెనం, కుక్కర్ మూడూ ఒకే ఆర్డర్‌లో పెట్టాను. మిక్సీ, పెనం మేడ్చల్ గోడౌన్ నుంచి వచ్చేశాయి. కుక్కర్ భివండీ నుంచి రావాలట. అది "లేబుల్ తయారైంది" అన్న చోటే ఆగిపోయి ఉంది, ఎవరూ దాన్ని ముట్టుకున్నట్టు లేదు. డబ్బు మాత్రం మూడింటికీ కలిపి ఆర్డర్ పెట్టిన నిమిషంలోనే కట్ అయింది. "కుక్కర్ ఇంకా మీ గోడౌన్‌లోనే ఉంది కదా బాబూ, దాని డబ్బు మీ దగ్గరెందుకుంది" అంటే, "సిస్టమ్ అంతే మేడమ్, ఒక ఆర్డర్‌కి ఒకటే పేమెంట్" అన్నాడు. ఆ అబ్బాయిని ఏమీ అనను. అతనికి ఇచ్చిన కాగితంలో అదే రాసి ఉంటుంది.

కానీ నేను ఆర్డర్ సిస్టమ్‌లో పేమెంట్ల పని చేసే టీమ్‌లో కొన్నేళ్లు ఉన్నాను. "సిస్టమ్ అంతే" అన్నది అబద్ధం. ఎవరో ఒక గదిలో కూర్చుని అలా ఉండాలని తీసుకున్న నిర్ణయం అది.

కార్డుతో కట్టినప్పుడు జరిగేది ఒక పని కాదు, రెండు. మొదటిది ఆథరైజేషన్, అంటే మన లిమిట్‌లో అంత మొత్తాన్ని బ్యాంకు పక్కన పెట్టి ఉంచుతుంది. రెండోది క్యాప్చర్, అంటే అమ్మినవాడు "ఇక ఆ డబ్బు నాకివ్వండి" అని అడగడం. ఈ రెండింటి మధ్య కొంత గడువుంటుంది. మామూలు కొనుగోళ్లకు అది సుమారు వారం అనుకోండి, కార్డు నెట్‌వర్క్‌ని బట్టి మారుతుంది. మనకు వచ్చే ఎస్సెమ్మెస్ మాత్రం మొదటి పనికే వచ్చేస్తుంది, అందుకే హోల్డ్‌లో ఉన్నా నిజంగా పోయినా మన ఫోన్‌లో ఒకేలా కనిపిస్తుంది. తేడా తెలియాలంటే ఆర్డర్ పేజీ చూడాలి. పార్శిల్ కదలకముందే అక్కడ "పేమెంట్ అందింది" అని పూర్తి మొత్తానికి కనిపిస్తే, చాలావరకు రెండో పని కూడా వెంటనే అయిపోయినట్టే.

నా ఆర్డర్‌నే తీసుకుందాం. మిక్సీ 4,200, పెనం 1,400, కుక్కర్ 2,400. మొత్తం 8,000. పది శాతం కూపన్‌తో 800 తగ్గి 7,200 అయింది. సరిగ్గా చేసేవాళ్లు ఏం చేస్తారంటే, ముందు 7,200 హోల్డ్ చేస్తారు. ఆ కూపన్‌ని ఆర్డర్ పెట్టిన క్షణంలోనే వస్తువుల వారీగా పంచి రాసి పెట్టుకుంటారు: మిక్సీకి 420, పెనానికి 140, కుక్కర్‌కి 240. మేడ్చల్ పెట్టె బయల్దేరినప్పుడు 5,600లోంచి 560 తీసేసి 5,040 క్యాప్చర్ చేస్తారు. భివండీ పెట్టె కదిలినప్పుడు మిగతా 2,160. రెండూ కలిపితే 7,200, లెక్క ముగిసింది. కుక్కర్ స్టాక్ లేదని తేలితే ఆ 2,160 హోల్డ్ వదిలేస్తే చాలు. తీసుకోని డబ్బుకి రిఫండ్ అన్న మాటే రాదు.

కూపన్ పంపకం ముందే రాసుకోవాలని ఎందుకంటున్నానంటే, దాన్ని తర్వాతకి వదిలేసే చోటే గొడవంతా మొదలవుతుంది. కుక్కర్ క్యాన్సిల్ అయితే ఆర్డర్ విలువ 5,600కి పడిపోతుంది, "కూపన్‌కి కనీసం 6,000 ఉండాలి" అని చెప్పి మిక్సీ మీద ఇచ్చిన తగ్గింపు కూడా వెనక్కి లాగేసుకుంటారు. స్టాక్ లేనిది వాళ్ల దగ్గర, కోత పడేది మనకి! కస్టమర్ వద్దనుకుంటే ఆ నియమం పెట్టుకోండి, కాదనను. మీరే పంపలేకపోతే మాత్రం తగ్గింపు ముట్టుకోకూడదు.

"పార్శిళ్ల వారీగా లెక్కలు కష్టం" అని ఇంకో సాకు చెబుతారు. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం సరుకు గోడౌన్ నుంచి కదిలే సమయానికో అంతకు ముందో దానికి ఇన్వాయిస్ ఇవ్వాలి. మేడ్చల్ గోడౌన్‌కి తెలంగాణ జీఎస్టీ నంబర్, భివండీ గోడౌన్‌కి మహారాష్ట్ర నంబర్. మేడ్చల్ నుంచి హైదరాబాద్‌కి వస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. భివండీ నుంచి వస్తే ఐజీఎస్టీ. అంటే రెండు పెట్టెలకి రెండు ఇన్వాయిస్‌లు, ఏ పెట్టెకి ఎంత, ఏ పన్ను ఎంత అని పైసల దాకా వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. ప్రభుత్వానికైతే పెట్టె లెక్కన చెప్పడం వచ్చు, మన దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం చేతకాదు.

సరే, నిజంగా ఉన్న ఇబ్బందులు కూడా చెప్తాను, లేకపోతే మా పాత టీమ్ వాళ్లే కామెంట్లలో పట్టుకుంటారు. అమ్మేవాడికీ బ్యాంకుకీ మధ్య ఉండి పేమెంట్ దాటించే గేట్‌వేలు చాలావరకు ఒక ఆథరైజేషన్ మీద ఒకే క్యాప్చర్ ఒప్పుకుంటాయి. 5,040 తీసుకోగానే మిగిలిన 2,160 హోల్డ్ తనంతట తనే వదులైపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది సమస్య కాదు, సేవ్ చేసిన కార్డు మీద రెండో పెట్టె కదిలినప్పుడు అమ్మినవాడు మళ్లీ ఆథరైజేషన్ తీసుకుంటాడు. మన దగ్గర ఇలాంటి కొనుగోలుకి ఓటీపీ లాంటి ధ్రువీకరణ తప్పదు, అంటే కస్టమర్ లేకుండా రెండోసారి అడగలేరు. ఇంతవరకు నిజమే. కానీ ఒకే హోల్డ్ మీద చాలాసార్లు క్యాప్చర్ చేయనిచ్చే గేట్‌వేలూ ఉన్నాయి. కార్డు నెట్‌వర్క్‌లో "రెండింటిలో ఒకటోది, రెండింటిలో రెండోది" అని నంబర్ వేసి పంపే ఏర్పాటు ఉన్నది సరిగ్గా ఈ విడి పార్శిళ్ల లాంటి వాటి కోసమే. అడిగి, కుదిరే గేట్‌వేని ఎంచుకోవాలి కదా! అదీ కుదరకపోతే ఏది ఏ గోడౌన్ నుంచి వస్తుందో చెకవుట్‌లోనే వాళ్లకి తెలుసు. "కుక్కర్ ఆలస్యంగా వస్తుంది, దాని డబ్బు బయల్దేరేటప్పుడు లింక్ పంపి తీసుకుంటాం" అని ఒక్క లైన్ రాయొచ్చు. రెండో ఓటీపీ కొట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. హోల్డ్ గడువు దాటేలా ఉన్న పెట్టెకైతే ఇదొక్కటే సరైన దారి కూడా.

యూపీఐలో మామూలుగా కడితే డబ్బు అప్పటికప్పుడే వెళ్లిపోతుంది, హోల్డ్ ఉండదు, ఒప్పుకుంటాను. అయితే ఐపీఓకి అప్లై చేసినవాళ్లు మీలో ఎంతమంది లేరు? 2019 నుంచి యూపీఐ మ్యాండేట్ ఒప్పుకుంటే డబ్బు మన ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, షేర్లు అలాట్ అయితేనే కట్ అవుతుంది, కొన్నే వస్తే కొన్నింటికే కట్ అయి మిగతాది వదిలేస్తారు. ఒకసారి బ్లాక్ చేసి పలుసార్లు డెబిట్ చేసుకునే వీలు యూపీఐలో తెస్తామని రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబర్‌లోనే ప్రకటించింది, అందులో ఆన్‌లైన్ కొనుగోళ్ల మాట కూడా ఉంది. కుక్కర్‌కి మాత్రం ఇది కుదరదట.

ఇంకొకటి, డిస్పాచ్ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి. లేబుల్ ప్రింట్ అయితే డిస్పాచ్ కాదు. కొరియర్ అబ్బాయి వచ్చి పెట్టెని స్కాన్ చేసి వ్యాన్‌లో వేస్తే డిస్పాచ్. లేబుల్ దగ్గరే డబ్బు తీసుకునే కంపెనీ "మేం డిస్పాచ్ అయ్యాకే తీసుకుంటాం" అని రాసుకున్నా అది మోసమే. అమ్మేవాడి భయం కూడా నాకు తెలుసు, పెట్టె వెళ్లిపోయాక క్యాప్చర్ ఫెయిలైతే నష్టం తనదే. దానికి మందు ఉంది: పెట్టె ప్యాకై కొరియర్ గేటు దగ్గరికి వచ్చాక క్యాప్చర్ అడగండి, విఫలమైతే ఆ పెట్టెని పక్కన పెట్టండి. గోడౌన్ సాఫ్ట్‌వేర్ ఒకే డిస్పాచ్ కబురు రెండుసార్లు పంపడం మామూలే, కాబట్టి ప్రతి క్యాప్చర్‌కీ ఆ షిప్‌మెంట్ నంబర్‌నే తాళంగా కట్టండి, అదే నంబర్‌తో మళ్లీ కబురొస్తే రెండోసారి డబ్బు అడగకూడదు. లేకపోతే 5,040 తర్వాత 2,160కి బదులు ఇంకోసారి 5,040 అడుగుతుంది. హోల్డ్‌లో అంత లేక ఫెయిలవుతుంది, అప్పుడు కుక్కర్ ఎందుకు ఆగిందో ఎవరికీ అర్థం కాదు.

అసలు మా అమ్మ క్యాష్ ఆన్ డెలివరీ తప్ప ఒప్పుకోదు. రెండు పెట్టెలు వేర్వేరు రోజుల్లో వస్తే ఏ పెట్టెకి ఆ పెట్టె డబ్బే ఇస్తుంది. నేనడుగుతున్నది అంతకంటే తక్కువే, ఇంటికి రానక్కర్లేదు, గోడౌన్ దాటితే చాలు. కానీ అమ్మ దగ్గర దానికి అదనపు ఫీజు వసూలు చేస్తారు, ముందే మొత్తం కట్టిన నన్నేమో ఎదురుచూడమంటారు.

మా ఆఫీసులో ఈ మాట నేను ఎత్తినప్పుడు ఒక పెద్దాయన అన్నది ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ముందు మొత్తం తీసేసుకుందాం, పంపలేకపోతే రిఫండ్ ఇద్దాం, ఎంతమంది అడుగుతారు?" ఎంతమంది అడుగుతారు! నాకు వీళ్ల మీద ఉన్న పాత కోపం అక్కడిదే. ఆ రిఫండ్ ఇచ్చేటప్పుడు కూడా బ్యాంకుకి పంపరు, వాళ్ల యాప్ వాలెట్‌లో వేస్తారు. పోయిన దసరాకి చీర పంపలేకపోయిన ఇంకో సైట్ నా డబ్బుని "క్రెడిట్స్" చేసి, వాటికి గడువు తేదీ పెట్టింది. నేను కార్డులో ఇచ్చిన రూపాయికి గడువు లేదు కదా, వాళ్ల చేతికి వెళ్లగానే ఎక్కడి నుంచి వచ్చింది? బ్యాంకుకే పంపమంటే నా చేతే ఫోటోలు, ఫారాలు, ఇంకో టికెట్. ఆర్డర్ తీసుకున్నప్పుడు ఒక్క ఫారం అడగలేదే!

ఇలా ఇరుక్కున్నవాళ్లు ఒక పని చేయండి. యాప్‌లో చాట్‌తో ఆగకుండా గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం ఆ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. రాసేటప్పుడు ఏ పెట్టె ఏ తేదీన కదిలిందో, దేనికి ఎంత కట్ అయిందో విడివిడిగా రాయండి. మొత్తం ఒక్క అంకె రాస్తే, "మీ ఆర్డర్ డెలివరీ అయింది" అని సగం పార్శిల్‌ని చూపించి టికెట్ మూసేస్తారు. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. నేను కుక్కర్ 2,160కి మెయిల్ పెట్టేశాను. వాలెట్ వద్దు, డబ్బు వచ్చిన కార్డుకే వెళ్లాలని మొదటి లైన్‌లోనే రాశాను.