sdkjfh అంటే కోపమా, సంబరమా?

తిరుమల ₹300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో వదిలే పూట. తిరుపతిలో ఉన్న అన్న కూతురు పొద్దున పది దాటాక డాలస్‌లోని చిన్నాయనకు వాట్సాప్‌లో ఇలా పెట్టిందనుకోండి:

```
sdkjfhsdkjfh
```

డాలస్‌లో అప్పటికి, వేసవి సమయమైతే, ముందు రోజు రాత్రి పదకొండున్నర. సగం నిద్రలో ఉన్న చిన్నాయన ఒక ప్రశ్నార్థకం గుర్తు పంపుతాడు. లేకుంటే "ఫోన్ జేబులో ఉండిందా అమ్మా?" అంటాడు. ఆ పిల్ల ఇంకేమీ రాయదు. మన ఇళ్ల గ్రూపుల్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ మధ్య మాట తెగిపోయే చోట్లలో ఇదొకటి. తప్పు పెద్దవాళ్లదేనని మా అభిప్రాయం, ఎందుకంటే అది చదవడం వాళ్లు అనుకున్నంత కష్టమేమీ కాదు.

ముందు అది కావాలని కొట్టిందో, పొరపాటున పడిందో తేల్చుకోవాలి. కావాలని కొట్టింది చాలావరకు కీబోర్డు నడిమి వరుసలోనే, అంటే a నుంచి l వరకే తిరుగుతుంది. వేళ్లు మామూలుగా ఉండే చోటు అదే. ఫోన్లో రెండు బొటనవేళ్లూ వంతులవారీగా పడతాయి కాబట్టి ఎడమవైపు అక్షరాలూ కుడివైపు అక్షరాలూ కలగలిసిపోతాయి. పైన ఉన్నదాంట్లో s, d, f ఎడమవి, k, j, h కుడివి. అందులో అంకెలు రావు, ఖాళీలు రావు. కొట్టినవాళ్లు దాన్ని ఒకసారి చూసుకుంటారు కూడా. చూపుకు బాగాలేకపోతే చెరిపి మళ్లీ కొడతారు. పిచ్చిగీతలా కనిపించేదానికీ ఒక పద్ధతి ఉందన్నమాట. జేబులోనో, చిన్నపిల్లల చేతిలోనో పడిన ఫోన్ ఇట్లా రాయదు. ఒకే అక్షరం పాతికసార్లు వస్తుంది, మధ్యలో అంకెలు, చుక్కలు, సంబంధంలేని ఎమోజీ పడతాయి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, @ కలిసి ఒక ముక్క వస్తే మాత్రం అది భావం కాదు, పొరపాటున అతికించిన పాస్‌వర్డ్ కావచ్చు. వెంటనే చెప్పి తీసేయించండి.

కావాలని కొట్టిందేనని తేలాక చాలామంది ఆ అక్షరాల్లోనే అర్థం వెతుకుతారు. అక్కడ దొరకదు. ఆ ముక్క చెప్పేది ఒక్కటే, మాటలు చాలనంతగా ఏదో పొంగిందని. అది విసుగా, సంతోషమా, పగలబడి నవ్వా అన్నది దానికి ముందు వచ్చిన సందేశమూ, తర్వాత వచ్చేదీ చెప్పాలి. అక్షరాల నుంచి తెలిసేది ఎంత గట్టిగా అన్నది మాత్రమే. అన్నీ పెద్ద అక్షరాలైతే గొంతు పెంచినట్టు, ఎందుకంటే ఫోన్లో అలా రావాలంటే షిఫ్ట్ మీటను రెండుసార్లు తట్టి పెట్టుకోవాలి, అది ఊరికే జరగదు. మొదటి అక్షరం ఒక్కటే పెద్దదైతే దాన్ని పట్టించుకోకండి, వాక్యం మొదట్లో ఫోనే అట్లా చేస్తుంది. asdfghjkl అని వరుస తప్పకుండా వచ్చిందంటే తొందరేమీ లేదు, కాస్త ఆటపట్టిస్తున్నారనే చదవొచ్చు.

ఇప్పుడు టికెట్ల సంగతే తీసుకుందాం. పది గంటలకు "లాగిన్ అయినా చిన్నాయనా". పది నాలుగుకు "క్యూలో ఉండా". పదకొండో నిమిషానికి sdkjfhsdkjfh. ఇంతవరకు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. పన్నెండో నిమిషానికి "డబ్బులు కట్టే పేజీ దాకా పోయి మళ్లా మొదటికొచ్చె" అని వస్తే ఆ ముక్క విసుగు. "నాలుగు దొరికినాయి!!" అని వస్తే అదే ముక్క, అక్షరం మారకుండా, సంబరం. తేడా అంతా పక్కనున్న వాక్యానిదే. అందుకని ముక్క వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఆగడం మంచిది. కొట్టినవాళ్లు సాధారణంగా వెంటనే అసలు సంగతి టైప్ చేస్తూ ఉంటారు, పైన "typing…" అని కనిపిస్తుంది కూడా. ఆ లోపల మన ప్రశ్నార్థకం పోయి పడితే, పొంగిన మనిషి నిలబడి దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆగినా ఏమీ రాకపోతే అక్షరాల గురించి కాదు, జరిగినదాని గురించి అడగాలి. "ఏమైందే, టికెట్లు అయిపోయినాయా?" అంటే చాలు. "ఇదేమి భాష?" అనడం, "తప్పు పడినట్టుంది" అని దిద్దడం, దండం ఎమోజీ పెట్టి ఊరుకోవడం, మూడూ ఒకటే పని చేస్తాయి. ఇంకోసారి ఆ పిల్ల మీకు పంపదు, స్నేహితుల గ్రూపులో పెట్టుకుంటుంది.

ఒక భయం మాత్రం అక్కర్లేదు. ఇట్లా కొట్టేవాళ్లు మీ మీద కోపంగా ఉండడం అరుదు. నిజంగా కోపమొచ్చిన మనిషి "సరే." అని చుక్క పెట్టి ఊరుకుంటాడు. నిజంగా కుంగిపోయిన మనిషికి పది అక్షరాలు కొట్టి చూసుకునే ఓపిక ఉండదు. కీబోర్డు బాదడంలో ఎంత విసుగున్నా కొంచెం నటన ఉంటుంది, ఆ నటన చూసి తోడుగా తల పట్టుకునే మనిషి అవతల ఉన్నాడన్న ధీమా ఉంటుంది.

తెలుగు అక్షరాల్లో ఇదెందుకు చేయరని కొందరు బాధపడతారు. చేసి చూస్తే తెలుస్తుంది. తెలుగు అక్షరాలను నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎడమచేతి కింద a, s, d, f స్థానాల్లో ఉండేవి ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి. హల్లులు ప, ర, క, త, చ కుడిచేతి కింద h నుంచి మొదలవుతాయి. ఎడమచెయ్యి ముందు పడితే ఆనుకోవడానికి హల్లు లేని గుణింతపు గుర్తులు చుక్కల సున్నాల మీద వేలాడుతూ కనిపిస్తాయి. చదివేవాళ్లు ఫాంటు పాడైందనుకుంటారు, భావం అక్కడే పోతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలోనైతే అచ్చులు లేక వత్తుల కుప్ప వస్తుంది. అందుకే తిరుపతి పిల్లలు సంగతంతా తెలుగులో రాసి, బాదడానికి మాత్రం ఇంగ్లిష్ మీటలకు పోతారు. అది మాతృభాష మీద చిన్నచూపు కాదు, మీటల అమరిక. తెలుగులో ఆ పని "అబ్బబ్బబ్బా", "అయ్యయ్యయ్యో" చేస్తాయి. అవి సంగతి ఎటువైపో కూడా కొంత చెప్పేస్తాయి కాబట్టి చదివేవాడికి సులువు, కానీ చేతి విసురు అందులో కనిపించదు.

మీరూ ఒకసారి పంపాలనుకుంటే ఎనిమిది నుంచి పన్నెండు అక్షరాలు చాలు. వేలిని తెర మీద ఈడ్చకండి, విడివిడిగా తట్టండి. ఈడిస్తే ఫోన్ దాన్ని గీత కింద లెక్కేసి ఏదో ఒక ఇంగ్లిష్ మాట తెచ్చిపెడుతుంది. ఐఫోన్‌లో పైన సూచనల పట్టీలో మీరు కొట్టింది కొటేషన్ గుర్తుల మధ్య కనిపిస్తే దాన్ని తాకి పంపండి. గ్రూపులో చూపు లేనివాళ్లు ఉంటే మాత్రం ముక్క ఒక్కటే వదలకండి. వాళ్ల ఫోన్ దాన్ని పలకలేక ఏదో గొణుగుతుంది, లేదా అక్షరం అక్షరం చదువుతుంది. పక్కనే "టికెట్లు దొరికినాయి" అని ఒక వాక్యం పెడితే వాళ్లకూ అందుతుంది.