కరెన్సీ కదలకపోతే కూలి తగ్గాలి

2012 ఫిబ్రవరిలో గ్రీస్ ప్రభుత్వం కనీస వేతనాన్ని ఒక్క నిర్ణయంతో 22 శాతం కోసేసింది. నెలకు 751 యూరోలు ఉన్నది 586 అయింది. 25 ఏళ్లలోపు వాళ్లకైతే కోత 32 శాతం. ఆ కనీస వేతనం మీదే బతుకుతూ, ఇంటి అప్పుకు నెలకు 300 యూరోల వాయిదా కట్టే కుటుంబం ఒకటి ఉందనుకుందాం. అప్పటిదాకా జీతంలో నలభై శాతం వాయిదాకు పోయేది, ఆ నెల నుంచి సగానికి పైగా పోతుంది. జీతం తగ్గిందని బ్యాంకు వాయిదా తగ్గించదు కదా!

సొంత కరెన్సీ ఉన్న దేశానికి ఇంకో దారి ఉంటుంది. అది మనం చూసిందే. 1991 జూలైలో విదేశీ మారకం అడుగంటినప్పుడు రూపాయి విలువను రెండు విడతల్లో అయిదో వంతుకు కాస్త తక్కువగా తగ్గించారు. దాంతో ఎవరి జీతం చీటీ మీదా అంకె మారలేదు. దిగుమతి సరుకు ప్రియమైంది, మన సరుకు బయటివాళ్లకు చవకైంది. నొప్పి లేకపోలేదు, కానీ అది అందరికీ తలా కాస్త పడింది. గ్రీస్ కూడా తన సొంత కరెన్సీ డ్రాక్మా రోజుల్లో, 1983లో ఒకసారి, 1985లో మరోసారి, దాదాపు 15 శాతం చొప్పున ఇదే పని చేసింది. 2001లో యూరోకు 340.75 డ్రాక్మాల చొప్పున లెక్కకట్టి కూటమిలో చేరాక ఆ వెసులుబాటు పోయింది.

పోయిన సంగతి మొదట్లో ఎవరికీ తెలియలేదు. అసలు ముప్పు అక్కడే మొదలైంది. యూరో పుణ్యమా అని గ్రీస్‌కు దాదాపు జర్మనీ వడ్డీకే అప్పు పుట్టింది. జర్మనీలో జీతాలు పెద్దగా పెరగని ఆ ఏళ్లలో గ్రీస్‌లో జీతాలూ ధరలూ ఏటా కాస్త కాస్త ఎక్కువగా పెరుగుతూ పోయాయి. 2008 నాటికి ఆ దేశం బయటికి చెల్లించేది బయటి నుంచి వచ్చేదాని కంటే ఎక్కువై, ఆ తేడా జీడీపీలో 15 శాతానికి చేరువైంది. అదే డ్రాక్మా ఉండి ఉంటే ఎప్పుడో జారిపోయి హెచ్చరించేది. యూరో మాత్రం ఉలకలేదు, పలకలేదు. ప్రభుత్వం లోటును తక్కువ చేసి చూపిన తప్పు ఏథెన్స్‌దే, అందులో వాదన లేదు. కానీ లెక్కలు సరిగ్గా రాసిన స్పెయిన్‌కూ ఈ వరసే ఎదురైంది.

మారకం రేటు దిగనప్పుడు దిగాల్సింది జీతాలూ ధరలూ. జీతాలు దిగాయి గానీ ధరలు అంతగా దిగలేదు. పైగా లోటు పూడ్చడానికి 2010లోనే వ్యాట్‌ను 19 నుంచి 23 శాతానికి పెంచారు. కొనే చేయి ఆగిపోవడంతో దుకాణాలు మూతపడ్డాయి. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంచించుకుపోయింది. ప్రభుత్వ అప్పు 2009లో జీడీపీలో దాదాపు 127 శాతం. 2012లో ప్రైవేటు రుణదాతలకు ఇవ్వాల్సిన దాంట్లో సగానికి పైగా రద్దయినా, 2014కల్లా అది 180 శాతానికి చేరింది. అప్పు యూరోల్లో కదలకుండా ఉండి, తీర్చాల్సిన ఆదాయం కరిగిపోతే అంతే మరి.

అలాగని డ్రాక్మాకు తిరిగి వెళ్లి ఉంటే సరిపోయేదని మేము అనం. అప్పులన్నీ యూరోల్లో ఉండగా కొత్త డ్రాక్మా విలువ సగం పడితే ఆ అప్పు భారం రెట్టింపవుతుంది. బయటికి వస్తారన్న పుకారుకే 2015 జూన్‌లో బ్యాంకులు మూసి, ఏటీఎంలలో రోజుకు 60 యూరోలే ఇచ్చారు. చేరడం చవక, బయటపడటం ఖరీదు. ఆ సంగతి చేరేముందే చెప్పాల్సింది.

ఒక కరెన్సీని పంచుకోవడం తప్పని కూడా కాదు. బీహార్‌కూ తెలంగాణకూ ఒకటే రూపాయి. బీహార్‌లో పని లేకపోతే కూలీ హైదరాబాద్ రైలెక్కుతాడు, ఆర్థిక సంఘం లెక్క ప్రకారం కేంద్ర పన్నుల్లో పేద రాష్ట్రానికి ఎక్కువ వాటా వెళ్తుంది. యూరప్‌లో కూటమి ఉమ్మడి బడ్జెట్ సభ్యదేశాల ఆదాయంలో దాదాపు ఒక్క శాతమే. గ్రీస్‌కు అందినవి కూడా చాలావరకు అప్పులు, షరతులతో కూడినవి. రైలెక్కడం మాత్రం జరిగింది. లక్షల మంది చదువుకున్న యువత జర్మనీకీ బ్రిటన్‌కూ వెళ్లిపోయారు. పెన్షన్లూ పాత అప్పులూ అక్కడే మిగిలిన వాళ్ల నెత్తిన పడ్డాయి.

2026 జనవరి 1న బల్గేరియా యూరోలో చేరింది. 1997 నుంచే తన కరెన్సీ లెవ్‌ను స్థిర రేటుకు కట్టేసుకున్న దేశం కాబట్టి చేరిన రోజున పెద్దగా పోగొట్టుకున్నదేమీ లేదు. ఆ కట్టు విప్పుకునే వీలు మాత్రం ఇన్నాళ్లూ సోఫియాలోని ప్రభుత్వం చేతిలో ఉండేది.