ఓడ వీపు మీద ఊరు

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే రాత్రి బస్సు వెనక నిలబడి నంబరు ప్లేటు చదవడం నాకో వ్యసనం. నాగాలాండ్ అని ఉంటుంది, లేదంటే అరుణాచల్ ప్రదేశ్. డ్రైవరుది కర్నూలు వైపు, క్లీనరుది కడప, ఓనరు ఎవరో ఆ ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఆ బస్సు జన్మలో కోహిమా కొండలు చూసి ఉండదు. అయినా పన్నుల లెక్కలో అది నాగా బిడ్డే. ఇలా ఒకచోట రిజిస్టరు చేయించి ఇంకోచోట తిప్పడం తమ బుర్రలోంచి పుట్టిన తెలివి అనుకుని మనవాళ్లు మురిసిపోతుంటారు. వారి అహంకారాన్ని సవినయంగా అణచడానికే ఈ వ్యాసం. సముద్రం మీద ఈ పని వందేళ్లుగా, అంతర్జాతీయ చట్టం సాక్షిగా, ఎంతో గౌరవప్రదంగా సాగుతోంది.

2021 మార్చి 23న సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కున్న ఓడ గుర్తుందా? పొడవు 400 మీటర్లు, రెండు పక్కలా ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలతో ‘ఎవర్‌గ్రీన్’ అని రాసి ఉంది. లోకమంతా ఆ ఓడ పేరు అదే అనుకుంది. కాదు. అది దాన్ని అద్దెకు తీసుకుని నడుపుతున్న తైవాన్ కంపెనీ పేరు. అసలు పేరు ‘ఎవర్ గివెన్’, ముక్కు దగ్గర చిన్నగా ఉంటుంది. అంటే ఇంటి గోడ నిండా అద్దెకున్నవాడి పేరు రాసి, ఇంటి పేరును గుమ్మం మూల అతికించారన్నమాట.

మరి యజమాని పేరు? అది ఓడ మీద ఎక్కడా ఉండదు. యజమాని జపాన్‌కు చెందిన షోయి కిసెన్. ఓడను కట్టింది కూడా జపాన్‌లోనే, 2018లో. నిర్వహణ బెర్న్‌హార్డ్ షుల్ట్ అనే జర్మన్ సంస్థది. లోపల పని చేస్తున్న 25 మందీ భారతీయులు. జపాన్, తైవాన్, జర్మనీ, భారత్... ఇంతమంది ఉన్నారు కదా, ఇది ఏ దేశపు ఓడ అని వెనక్కి వెళ్లి చూస్తే, పేరు కింద ఒకే మాట: ‘పనామా’.

అంత పెద్ద ఓడకు పౌరసత్వం ఆ ఒక్క మాటలోనే ఉంది. ఓడ వెనక భాగాన్ని స్టెర్న్ అంటారు. అక్కడ పైన ఓడ పేరు, కింద రిజిస్టరైన రేవు పేరు రాయాలి. గమనించండి, రాసేది దేశం పేరు కాదు, ఊరి పేరు. పనామాకు ఊరూ దేశమూ ఒకటే పేరు కాబట్టి మనం మోసపోయాం. లైబీరియా ఓడ వీపు మీద ‘మోన్రోవియా’ అని ఉంటుంది, మార్షల్ దీవుల ఓడ మీద ‘మజురో’. ఇవి ఏ దేశాల్లో ఉన్నాయో తెలియనివాడికి అది ఎవరి ఓడో చచ్చినా తెలియదు. తెలిసినవాడికీ తెలియదనుకోండి, ఎందుకంటే లైబీరియా, మార్షల్ దీవుల ఓడల రిజిస్ట్రీలు రెండూ నడిచేది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నుంచి.

ఇక మంగోలియా. దానికి సముద్రం లేదు. సముద్రం లేని దేశమైనా తన జెండాతో ఓడలు నడుపుకోవచ్చని అంతర్జాతీయ చట్టం ఒప్పుకుంటుంది. అందుకని సముద్రపు ఒడ్డుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఉలాన్‌బాటర్ పేరు వీపున రాసుకుని ఓడలు తిరిగాయి. ఆ రిజిస్ట్రీ సింగపూర్ నుంచి నడుస్తుంది. ఉలాన్‌బాటర్‌కు దక్కిన ఈ గౌరవం వరంగల్‌కు ఎందుకు దక్కలేదని ఏ పార్టీ అయినా అసెంబ్లీలో అడిగిందా? భద్రకాళి చెరువైనా ఉంది కదా మనకు.

పోనీ, జెండా చూసి పోల్చుకుందామా? అక్కడ ఇంకో తిరకాసు. మన రేవుకు వచ్చిన విదేశీ ఓడ మర్యాద కోసం పైన స్తంభానికి మన జెండా ఎగరేస్తుంది. విశాఖ బీచ్‌లో పల్లీలు తింటున్న పెద్దమనిషి దుర్భిణితో దాన్ని చూసి, ‘మనోళ్లదే’ అని గర్వపడతాడు. ఓడ సొంత జెండా వెనక కర్రకు ఉంటుంది. అతిథి మెడలో మన దండ చూసి మన చుట్టమే అనుకోవడం లాంటిదిది.

ఇంత శ్రమ దేనికంటే, లాభాలున్నాయి. విదేశంలో సంపాదించిన దాని మీద పనామా పన్ను వేయదు. సిబ్బంది ఏ దేశం వాళ్లయినా అభ్యంతరం లేదు. ఈ ఆచారానికి ఊపునిచ్చిన వాటిలో మందు కూడా ఒకటి కావడం మనకు సంతోషం కలిగించాలి. 1920లలో అమెరికాలో మద్యనిషేధం ఉన్నప్పుడు, ప్రయాణికులకు గ్లాసు అందించాలని కొన్ని అమెరికన్ ఓడలు పనామాకు మారిపోయాయి. 1982 నాటి సముద్ర చట్ట ఒడంబడిక మాత్రం ఓడకూ జెండా దేశానికీ మధ్య ‘నిజమైన సంబంధం’ ఉండాలంది. ఎలాంటి సంబంధమో చెప్పలేదు. పెళ్లికి అమ్మాయి, అబ్బాయి ఉండాలని చెప్పి, వాళ్లు ఒకరినొకరు చూసుకోవాలని రాయడం మర్చిపోయినట్టు.

చిక్కు వచ్చిన రోజున అసలు సంబంధాలు బయటపడతాయి. సూయజ్‌లో ఓడ మార్చి 29న కదిలింది. కాలువ అధికారులు మొదట అడిగిన పరిహారం 91.6 కోట్ల డాలర్లు. ఆ డబ్బు పనామాను అడగలేదు. క్షమాపణ చెప్పింది, బేరమాడింది జపాన్ యజమాని. ఓడ మాది కాదు, అద్దెది అంది ఎవర్‌గ్రీన్. అది నిజమే. యజమాని తర్వాత ‘జనరల్ యావరేజ్’ ప్రకటించాడు. ఓడను కాపాడటానికైన ఖర్చులో సరుకు యజమానులూ వాటా పెట్టుకోవాలనే పాత పద్ధతి అది. అంటే కంటెయినర్‌లో కుర్చీలు పంపుకున్నవాడు కూడా జేబు తడుముకోవాలి. ఈజిప్టు కోర్టు ఓడను జప్తు చేసింది. అది జులై 7 దాకా అక్కడే ఉంది, భారతీయ సిబ్బందితో సహా. మరి పనామా చేసిందేమిటి? దర్యాప్తు చేసి నివేదిక రాసింది. జెండా దేశపు ధర్మం అదే మరి. సొమ్మొకడిది, సోకొకడిది, సంతకం ఇంకొకడిది.

ఆ గొడవలో యజమాని కనీసం కనిపించాడు. చాలా ఓడలకు ఒక్కో ఓడకు ఒక్కో కంపెనీ పెడతారు. దాని ఆస్తి మొత్తం ఆ ఓడే. అప్పులవాళ్లు వస్తే అది ఒక్కటే పోతుంది, పక్క ఓడ క్షేమం. మన బినామీ బావమరుదులు ఇది చదివి నోట్సు రాసుకోవాలి.

ఓడ పేరు మారుతుంది, జెండా మారుతుంది, రంగు మారుతుంది. మారనిది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతిలో ఓడకు ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు ఒక్కటే. దాన్ని ఓడ ఒంటికి చెరగకుండా వెల్డింగ్ చేసో, చెక్కో ఉంచాలి. చాలాసార్లు వెనకే కనిపిస్తుంది. ఎవర్ గివెన్‌ది 9811000. అది దొంగ నంబరేమో అనుకుంటే మొదటి ఆరంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2లతో గుణించి కూడండి. 63, 48, 5, 4, రెండు సున్నాలు, మొత్తం 120. దాని చివరి అంకె సున్నా, నంబరులో ఏడో అంకె కూడా సున్నా. సరిపోయింది. ఈ నంబరును ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతికితే రిజిస్టరైన యజమాని, మేనేజరు వస్తారు. ఆ యజమాని వెనక ఉన్న యజమాని అక్కడ కూడా రాకపోవచ్చు.

ఇంకో కిటుకు కూడా ఉంది. కొన్ని ఓడల పేరునూ ఊరినీ ఇనుప అక్షరాలుగా వెల్డింగ్ చేస్తారు. అమ్ముడుపోయాక వాటి మీదే రంగు పూసి కొత్త పేరు రాస్తారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు రంగు కింద పాత అక్షరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. కొత్త ఊరు వెనక పాత ఊరు, దాని వెనక ఇంకా పాత ఊరు. మా బెంగళూరు బస్సుకూ అంతే, నాగాలాండ్ స్టిక్కరు ఒక మూల లేచి ఉంటే నిన్న గోకి చూశాను. కింద డామన్ అని ఉంది. క్లీనరు ‘టికెట్టు చూపించండి సార్’ అన్నాడు.