సవరణ: పగుళ్లపై మా మొన్నటి జవాబులో తప్పు

"రోలర్ నడిచినప్పుడల్లా కిటికీలు గడగడలాడుతున్నయి, గోడలు పగులుతున్నయి. మీరేమో అంతా పరిమితిలోనే ఉందంటున్రు."

హనుమకొండ కాలనీవాసులకు నమస్కారం. మీ ఇళ్ల పునాది దగ్గర కంపన వేగం సెకనుకు 3 మిల్లీమీటర్లే కాబట్టి పగుళ్లకు మా రోడ్డు పని కారణం కాదని రాశాం. అంకె సరైందే, దాన్నుంచి తేల్చింది తప్పు. క్షమించండి.

నివాసాలకు జర్మన్ ప్రమాణం తక్కువ పౌనఃపున్యంలో సెకనుకు 5 మిల్లీమీటర్ల దాకా అనుమతిస్తుంది. కానీ మేం వాడిన కంపన మీటరు ఊపునే కొలుస్తుంది. మేం తవ్విన డ్రైనేజీ కందకం వైపు మట్టి జారి పునాది మూల కుంగితే అది చూపదు. మలుపు దగ్గరి ఇంట్లో కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగిన పగులు ఆ అనుమానమే కలిగిస్తోంది. లోపల దుమ్ము, పాత సున్నం లేవు, అంచులు తాజాగా ఉన్నాయి. పని మొదలవకముందే ఫొటోలు తీసి ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. అది మా లోపం.

ఆ పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకలు అతికించి తేదీ రాస్తున్నాం. పలక చిట్లితే పగులు ఇంకా కదులుతున్నట్టే. ఈలోపు కందకం గోడలకు ఊతాలు పెట్టి, అక్కడ రోలర్‌ను వైబ్రేషన్ ఆపి నడుపుతాం. కుంగుడు తేలితే మరమ్మతు ఖర్చు మాదే.