ఆ తీసివేత రిపోర్టులోనే ఉండాలి

హైదరాబాద్‌లో లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. ఫోన్ చేస్తే పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చేస్తుంది. దాన్ని చదవడం దగ్గరే చిక్కంతా. చాలామంది ముందు మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటిందా అని చూస్తారు. తర్వాత ‘చెడ్డ’ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ పక్కన ఎర్ర గుర్తు ఉందా అని చూస్తారు. రెండూ లేకపోతే ‘గుండెకు ఢోకా లేదు’ అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. మధుమేహం ఉన్నవాళ్ల విషయంలో ఈ చదువు ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలియాలంటే ఒక రిపోర్టును వరస వరసగా చూడాలి.

మన నగరంలో తరచుగా కనిపించే తరహా రిపోర్టునే ఉదాహరణగా తీసుకుందాం. నలభై ఆరేళ్ల మనిషి, నాలుగేళ్లుగా షుగర్ ఉంది, బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. మొత్తం కొలెస్ట్రాల్ 182, ‘మంచి’ కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 290, వాటిని మోసే వీఎల్‌డీఎల్ 58, ఎల్‌డీఎల్ 90. అన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు. పక్క గడిలో ముద్రించిన హద్దుల ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపే, ఎల్‌డీఎల్ 100 లోపే. ‘చెడ్డ’ కొలెస్ట్రాల్‌కు పాస్ మార్కులు పడ్డాయి కాబట్టి, మిగిలింది ‘కాస్త కొవ్వు’ మాత్రమేనని, నూనె తగ్గిస్తే సరిపోతుందని ఇంట్లో తీర్పు వెలువడుతుంది.

ఆ 90 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ వస్తుందని అది అనుకుంటుంది. 290ని 5తో భాగిస్తే 58. మొత్తం 182లోంచి హెచ్‌డీఎల్ 34, ఈ 58 తీసేస్తే మిగిలేది 90. ట్రైగ్లిజరైడ్లు మామూలుగా ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే కుదురుతుంది. అవి పెరిగేకొద్దీ 5 అన్న భాజకం సరిపోదు. వీఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా ఎక్కువగా, ఎల్‌డీఎల్ ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. పై రిపోర్టులో 5 బదులు 6తో భాగిస్తే చాలు, ఎల్‌డీఎల్ సుమారు 100కు చేరి ఆ గడి కాస్తా హద్దు మీదికి వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం అసలు పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవాలి. ఏ పద్ధతిలో వచ్చిందో రిపోర్టులో చిన్న అక్షరాల్లో రాసే ల్యాబులు ఉన్నాయి, రాయనివీ ఉన్నాయి. రాయకపోతే ఫోన్ చేసి అడగడం రోగి హక్కు.

ఈ గొడవేమీ లేని అంకె ఒకటుంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేదే నాన్ హెచ్‌డీఎల్. ఇక్కడ 182లోంచి 34 పోతే 148. ధమని గోడలోకి చొరబడి పూడిక వేసే కణాలన్నిటిలోని కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది. ఎల్‌డీఎల్ మాత్రమే కాదు, ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్, అది సరుకు దించుకుంటూ పోగా మిగిలే అవశేష కణాలు కూడా. భాగహారం లేదు, ఊహ లేదు. పైగా దీనికి పరగడుపు నియమం కూడా అక్కర్లేదు. భోజనం చేశాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి కానీ మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు.

148 ఎక్కువా తక్కువా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ముప్పు తక్కువ లేదా మధ్యస్థంగా ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు, నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. షుగర్, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువైనవాళ్లకు ఈ హద్దులు 70, 100. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు 55, 85. మన రిపోర్టులోని మనిషి రెండో కోవలోకి వస్తాడు. అంటే అతని నాన్ హెచ్‌డీఎల్ ఉండాల్సిన దానికన్నా 48 ఎక్కువ. పాసైందనుకున్న ఎల్‌డీఎల్ 90 కూడా అతని హద్దుకు 20 పైనే ఉంది. ముద్రించిన గడి అతని షుగర్‌ను లెక్కలోకి తీసుకోలేదు. ల్యాబుకు ఆ సంగతి తెలియదు కూడా.

షుగర్ ఉన్నవాళ్లలో మరో చిక్కుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నచోట ఎల్‌డీఎల్ కణాలు చిన్నవిగా, చిక్కగా తయారవుతాయి. ఒక్కో దానిలో కొలెస్ట్రాల్ తక్కువ కాబట్టి అదే 90 మిల్లీగ్రాములను మోయడానికి ఎక్కువ కణాలు కావాలి. యాభై మంది ఒక ఆర్టీసీ బస్సులో వెళ్లినా, పదిహేను షేర్ ఆటోల్లో వెళ్లినా ప్రయాణికుల లెక్క ఒకటే, రోడ్డు మీద రద్దీ మాత్రం ఒకటి కాదు. ధమని గోడకు తగిలేది కణాల సంఖ్యే. దాన్ని నేరుగా చెప్పే పరీక్ష ఏపీఓ-బి. పూడిక వేసే ప్రతి కణం మీదా ఆ ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది గనుక దాన్ని కొలిస్తే కణాల లెక్క తేలినట్టే. అందరికీ అవసరం లేదు. ఇలాంటి రిపోర్టు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి చేయించుకోవచ్చు. అది వీలుకాని చోట నాన్ హెచ్‌డీఎల్ చాలావరకు ఆ పని చేస్తుంది.

ఇక ‘మంచి’ కొలెస్ట్రాల్. మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 కన్నా హెచ్‌డీఎల్ తగ్గితే ముప్పు పెరిగిందన్న సంకేతం. ఆ సంకేతాన్ని సంకేతంగానే చూడాలి. మందులతో హెచ్‌డీఎల్‌ను పెంచి గుండెపోట్లు తగ్గిద్దామన్న ప్రయత్నాలు బెడిసికొట్టాయి. టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచినా, వాడినవాళ్లలో మరణాలు పెరగడంతో 2006లో పరీక్షలు ఆపేశారు. కాబట్టి ‘మంచిది 65 ఉంది, చెడ్డది 160 ఉన్నా ఫర్వాలేదు’ అనే సర్దుబాటు చెల్లదు. ఒకటి మరొకదాన్ని కొట్టేయదు.

చికిత్సలో తరచూ జరిగే పొరపాటు కూడా ఈ ఎర్ర గుర్తుల వల్లే. కొట్టొచ్చినట్టు కనిపించేది ట్రైగ్లిజరైడ్ల 290. దాంతో దానికోసమే మందు అడుగుతారు. 2022లో ఫలితాలు వెల్లడైన ప్రామినెంట్ అధ్యయనంలో సరిగ్గా ఇలాంటి రోగులకే, అంటే షుగర్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లకే, ఫైబ్రేట్ కోవకు చెందిన పెమాఫైబ్రేట్ ఇచ్చారు. వాళ్లలో చాలామంది అప్పటికే ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ వాడుతున్నారు. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, గుండెపోట్లు తగ్గలేదు. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఐదో వంతు తగ్గుతాయని స్టాటిన్ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. అందుకే ఎర్ర గుర్తు ట్రైగ్లిజరైడ్ల మీద ఉన్నా, షుగర్ ఉన్న ఈ మనిషికి డాక్టర్ ముందు రాసేది స్టాటిన్. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం పరిస్థితి వేరు. అవి మరీ పెరిగితే క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి వాటినే ముందు దించాలి.

290కి అసలు కారణం వెతకడం మందుకన్నా ముందు జరగాలి. షుగర్ అదుపులో లేకపోవడం, మద్యం, పెరిగిన పొట్ట, మందగించిన థైరాయిడ్, కొన్ని స్టెరాయిడ్ మందులు మొదట అనుమానించాల్సినవి. కూరలో నూనె తగ్గించి, గుడ్డులో పచ్చసొన పారేసి, రెండు పూటలా కంచం నిండా తెల్లన్నం, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, మధ్యలో ఉస్మానియా బిస్కెట్లు మానకపోతే ఆ అంకె దిగదు. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయమే కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్‌లో ఎక్కించి రక్తంలోకి పంపుతుంది. నెయ్యి, వెన్న, డాల్డా, పామాయిల్ ఎక్కువైతే ప్రధానంగా పెరిగేది ఎల్‌డీఎల్. ఏ అంకెకు ఏ వంటకం తగ్గించాలో తెలియకే నెలల తరబడి పథ్యం చేసినా ఫలితం కనిపించదు. పరీక్షకు ముందు రోజు రాత్రి పెళ్లి విందుకు వెళ్లినా, మందు తాగినా ట్రైగ్లిజరైడ్లు ఎగబాకుతాయి. అలాంటి అంకె వస్తే రెండు వారాలాగి, పది పన్నెండు గంటల పరగడుపున మళ్లీ చేయించాలి.

ఈ మనిషికి స్టాటిన్ మొదలుపెట్టి, అన్నం సగానికి తగ్గించి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించారనుకుందాం. మొత్తం 128, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 180, ఎల్‌డీఎల్ 56. నాన్ హెచ్‌డీఎల్ 92, హద్దు లోపలికి వచ్చింది. ఎక్కువమంది మాత్ర ఆపేసేది సరిగ్గా ఇక్కడే. కొందరు ‘నార్మల్ అయిపోయింది’ అని ఆపేస్తారు, కొందరు 56 చూసి మరీ తగ్గిపోయిందని కంగారుపడి ఆపేస్తారు. 56 వచ్చింది మాత్ర పనిచేస్తున్నందుకే. ఆపిన కొద్ది వారాల్లో ఎల్‌డీఎల్ పాతచోటికి చేరుతుంది. ఒళ్లు నొప్పులు వస్తే డాక్టర్‌తో చెప్పి మోతాదో మందో మార్చుకోవాలి.

అన్ని ల్యాబులూ రిపోర్టులో మూడు మార్పులు చేయాలని మేం కోరుతున్నాం. నాన్ హెచ్‌డీఎల్‌ను ఎల్‌డీఎల్ పక్కనే, అంతే స్పష్టంగా ముద్రించాలి. ఎల్‌డీఎల్ లెక్కగట్టిందా, కొలిచిందా రాయాలి. ‘నార్మల్’ అన్న ఒకే హద్దు బదులు షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, గుండెపోటు వచ్చినవాళ్లకు వేర్వేరు హద్దులు చూపించాలి. కొత్త యంత్రం, అదనపు రక్తం ఏవీ అక్కర్లేదు. వీఎల్‌డీఎల్‌ను లెక్కగడుతున్న సాఫ్ట్‌వేరే ఈ తీసివేత కూడా చేస్తుంది. బస్తీ దవాఖానాల నుంచి వచ్చే నమూనాలను ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ రిపోర్టుతోనే ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టవచ్చు. అంతదాకా ఆ తీసివేతను ఎవరికి వారు పెన్నుతో రిపోర్టు మీద రాసుకుని, డాక్టర్ ముందు పెట్టి ‘నా హద్దు ఎంత?’ అని అడగాలి.